ఐదుగురు రాసిన బ్రోచర్ ఒక్కరే మాట్లాడినట్టు ఉండాలంటే

డ్రిప్ పరికరాలు తయారు చేసే ఒక చిన్న కంపెనీ 16 పేజీల బ్రోచర్ రాతప్రతిని నాకు పంపింది. రైతులకు పంచడానికి, డీలర్ల దుకాణాల్లో పెట్టడానికి తెలుగులో వేస్తున్న బ్రోచర్ అది. "విషయం అంతా వచ్చేసింది. చదువుతుంటే మాత్రం ఎక్కడో తేడా కొడుతోంది, ఒకసారి సరిచూడండి" అన్నారు. ముందుమాట ఎండీగారు రాశారు. పరికరాల వివరాలు డిజైన్ ఇంజనీరు, పంటల పేజీలు ఒక యాడ్ ఏజెన్సీ, సర్వీసు గురించి సర్వీసు మేనేజరు, సబ్సిడీ పేజీని ఆఫీసులో దరఖాస్తుల పని చూసే ఉద్యోగి రాశారు. ఒక్కొక్కరి భాగం నుంచి ఒక్కో వాక్యం ఇస్తున్నాను.

ఎండీగారు: "అన్నదాతల ఆశీస్సులతో అంచెలంచెలుగా ఎదిగిన మన సంస్థ నేడు మరో మైలురాయిని చేరుకుంది."

ఇంజనీరు: "ఈ పార్శ్వ గొట్టములు నాణ్యమైన పాలిథిలిన్‌తో తయారు చేయబడినవి."

ఏజెన్సీ: "నీళ్లు సగం, దిగుబడి డబుల్! కష్టాలకు ఇక గుడ్‌బై చెప్పేయండి!!"

సర్వీసు మేనేజరు: "కస్టమర్ కంప్లైంట్ ఇచ్చిన 48 గంటలలో సర్వీస్ విజిట్ చేయడం జరుగుతుంది."

సబ్సిడీ పేజీ: "దరఖాస్తుదారుడు ఈ క్రింది పత్రములు జతపరచవలెను. అర్హులకు సబ్సిడీ మంజూరు చేయబడును."

విడివిడిగా చూస్తే ఏ ఒక్కరి తెలుగూ తప్పు కాదు. ఎవరికి అలవాటైన తీరులో వాళ్లు రాశారు. కానీ ఒక రైతు ఈ పుస్తకాన్ని వరసగా చదివితే మొదట సభలో ఉపన్యాసం వింటాడు, తర్వాత పాఠ్యపుస్తకం చదువుతాడు, ఆ తర్వాత సంత దగ్గర మైకు, కాల్ సెంటరు, చివరికి ఆఫీసు గోడ మీద నోటీసు. తనతో మాట్లాడుతున్నది ఒకే కంపెనీ అన్న భావన ఎక్కడా కలగదు.

ఇలాంటి పని వచ్చినప్పుడు చాలామంది మాటల నుంచి మొదలుపెడతారు. "గొట్టము" కొట్టేసి "పైపు" అంటారు, "ఆశీస్సులు" తీసేసి "సహకారం" అంటారు. నేనూ కొన్నేళ్లు అలాగే చేశాను. మాటలన్నీ మార్చాక కూడా అతుకులు కనిపిస్తూనే ఉండేవి. తెలుగులో మాట తీరు ఎక్కువగా నామవాచకాల్లో ఉండదని, వాక్యం చివర ఉన్న క్రియలో ఉంటుందని నాకు ఆలస్యంగా అర్థమైంది.

చివరి మాటల వరస

దీన్ని ఎవరైనా అరగంటలో పరీక్షించుకోవచ్చు. ప్రతి వాక్యంలోని చివరి మాటను మాత్రం తీసి ఒక వరసలో కింద కింద రాయండి. మిగతా వాక్యాన్ని చూడొద్దు. ఈ బ్రోచర్‌లో దాదాపు 200 వాక్యాలున్నాయి. వాటి చివరి మాటలు ఇలా వచ్చాయి: చేరుకుంది, నిలిచింది, చేయబడినవి, కలదు, రూపొందించబడినది, చెప్పేయండి, చూడండి, జరుగుతుంది, జరుగుతుంది, వలెను, చేయబడును, గలరు.

ఏ పేజీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెప్పడానికి ఆ వరస ఒక్కటే చాలు. తెలుగు వాక్యంలో ఎవరు మాట్లాడుతున్నారు, ఎదుటివారికి ఎంత మర్యాద ఇస్తున్నారు, చెప్పేది మాటా ఆజ్ఞా అన్నదంతా క్రియ చివరి ముక్క మోస్తుంది. "చేస్తాం" అంటే ఎదురుగా కూర్చుని ఒక మనిషి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. "చేయబడును" అంటే మనిషి ఉండడు, కాగితం మాత్రమే ఉంటుంది.

ఇన్ని రకాల ముగింపులు మన భాషలో ఒకేసారి బతికి ఉండటానికి కారణం ఉంది. గిడుగు రామమూర్తిగారి వ్యావహారిక భాషోద్యమం తర్వాత పత్రికలు, కథలు, పాఠాలు నెమ్మదిగా వాడుక భాషలోకి వచ్చాయి. నోటీసులు, ఒప్పంద పత్రాలు, దరఖాస్తు ఫారాలు మాత్రం "వలెను", "గలరు" దగ్గరే ఆగిపోయాయి. సాంకేతిక విషయాలు ఇంగ్లీషు నుంచి అనువాదమై వచ్చాయి కాబట్టి అక్కడి కర్మణి వాక్యం "బడు"గా మారి వాటితో పాటు వచ్చింది. "చేయడం జరుగుతుంది" ఆఫీసు మీటింగుల్లో, ప్రెస్‌మీట్లలో ఎక్కువగా వినబడుతుంది. ప్రకటనలు మాట్లాడే భాషను మరీ దగ్గరగా పట్టుకున్నాయి. కాబట్టి ఐదుగురు రాస్తే ఐదు రకాలు రావడం వాళ్ల నిర్లక్ష్యం కాదు. ఎవరి పనిలో వాళ్లు రోజూ చదివే కాగితం భాష అది.

అన్ని చోట్లా ఒకే ముగింపు పెట్టేస్తే సరిపోతుందా అంటే, చిక్కు అక్కడే మొదలవుతుంది.

మూడు "బడు"లు, ముగ్గురు మనుషులు

రాతప్రతిలో "బడు"తో ముగిసిన వాక్యాల్లో మూడింటిని పక్కపక్కన పెట్టాను. ఇంజనీరు "పార్శ్వ గొట్టములు" అన్నవాటిని, అంటే మొక్కల వరస వెంట పోయే సన్నని పైపులను, ఇక్కడ దుకాణాల్లో పిలిచే "లేటరల్" పేరుతోనే రాస్తున్నాను.

"లేటరల్ పైపులు పాలిథిలిన్‌తో తయారు చేయబడినవి."

"అర్హులకు సబ్సిడీ మంజూరు చేయబడును."

"ఫిల్టరు క్రమం తప్పకుండా శుభ్రపరచబడవలెను."

మూడింటి రూపం ఒకటే. కానీ మొదటి పని చేసేది కంపెనీ. రెండోది చేసేది ప్రభుత్వం. మూడోది చేయాల్సింది రైతు. ఎవరు చేస్తారో చెప్పకుండా ఉండగలగడమే ఈ వాక్య నిర్మాణం చేసే పని. కంప్యూటరులో "చేయబడును" అని వెతికి అన్నిచోట్లా "చేస్తాం" అని మార్చేస్తే రెండో వాక్యం "అర్హులకు సబ్సిడీ మంజూరు చేస్తాం" అవుతుంది. ఒక ప్రైవేటు కంపెనీ తన బ్రోచర్‌లో ప్రభుత్వ సబ్సిడీ మంజూరు చేస్తానని అచ్చు వేసినట్టు! మాట తీరు సరిచేయబోయి అబద్ధం రాసినవాళ్లం అవుతాం.

అందుకని "బడు" కనిపించిన ప్రతిచోటా ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఈ పని ఎవరిది? జవాబు దొరికాక వాక్యం దానంతటదే కుదురుకుంటుంది.

"లేటరల్ పైపులను పాలిథిలిన్‌తో తయారు చేస్తాం."

"సబ్సిడీని ప్రభుత్వం మంజూరు చేస్తుంది. దరఖాస్తు నింపడంలో మేము సాయం చేస్తాం."

"ఫిల్టరుకు ముందు, వెనక ఉన్న గేజీల్లో ప్రెషర్ తేడా పెరిగిందంటే ఫిల్టరులో చెత్త చేరినట్టే. అప్పుడు మీరు శుభ్రం చేసుకోవాలి."

మూడో వాక్యం పొడుగైంది. "క్రమం తప్పకుండా" అన్నది నోటీసు భాషలో సరిపోయింది కానీ, మనిషి మనిషితో అన్నప్పుడు "అంటే ఎప్పుడు?" అని వెంటనే అడుగుతాడు. ఇంజనీరుకు ఫోన్ చేసి అడిగితే గేజీల సంగతి చెప్పారు. అది ఆయనకు ముందే తెలుసు. ఆయన రాసిన వాక్యంలో దానికి చోటు లేకపోయింది, అంతే.

సర్వీసు పేజీలో ఇది ఇంకా స్పష్టంగా కనబడింది. "48 గంటలలో సర్వీస్ విజిట్ చేయడం జరుగుతుంది" అన్న వాక్యాన్ని "48 గంటల్లో వస్తాం" అని మార్చి పేజీ తిప్పేయడం చాలా సులువు. కానీ ఎవరు వస్తారు? 48 గంటలు ఎప్పటి నుంచి లెక్క? మేనేజరుగారిని అడిగితే అసలు పద్ధతి బయటపడింది. రైతు డీలరుకు నోటిమాటగా చెప్పినప్పటి నుంచి కాదు, ఆఫీసు నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదైనప్పటి నుంచి లెక్క. మొదట వచ్చేది కంపెనీ ఇంజనీరు కాదు, డీలరు దగ్గరి మెకానిక్. ఆయన వల్ల కాకపోతేనే ఇంజనీరు వస్తారు. ఆదివారాలు లెక్కలోకి రావు. చివరికి ఆ భాగం ఇలా తయారైంది:

"పరికరాల్లో ఇబ్బంది వస్తే ఆఫీసు నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. నమోదైన 48 గంటల్లో మీ డీలరు దగ్గరి మెకానిక్ పొలానికి వస్తారు. ఆయన వల్ల కాకపోతే మా ఇంజనీరు వస్తారు. ఆదివారాలు ఈ 48 గంటల్లోకి రావు."

ఒక వాక్యం నాలుగైంది, కానీ చదవడానికి పట్టే శ్రమ తగ్గింది. బ్రోచర్‌లో మాట తీరు కలపడం అంటే భాషకు మెరుగులు దిద్దే పని అనుకుంటారు. నిజానికి సగం పని ఫోన్లలోనే జరుగుతుంది. రాసినవాళ్లు అందుబాటులో లేనప్పుడు ఈ పని ఒప్పుకోవద్దని ఎవరికైనా చెబుతాను. అడగకుండా ఊహించి మార్చిన వాక్యం అచ్చయ్యాక, దాని భారం సర్వీసు మెకానిక్ మీద పడుతుంది.

మేము, మనం, మీరు

పని ఎవరిదో తేలాక, మాట్లాడేది ఎవరో తేలాలి. తెలుగులో ఇక్కడ ఒక సౌకర్యం, ఒక ప్రమాదం రెండూ ఉన్నాయి. వినేవాణ్ని బయట ఉంచి చెప్పేది "మేము", కలుపుకుని చెప్పేది "మనం". ఈ రెండూ ఎక్కడ వాడామో చూసుకోకపోతే పేజీ పేజీకీ రైతు కంపెనీ లోపలికి, బయటికి తిరుగుతుంటాడు.

ఎండీగారి ముందుమాటలో "మన సంస్థ" అని ఆరేడు చోట్ల ఉంది. సిబ్బంది సమావేశాల్లో మాట్లాడి మాట్లాడి ఆయనకు అలవాటైన మాట అది. సిబ్బందికి అది నిజమే. రైతు చదివినప్పుడు మాత్రం రెండు రకాలుగా వినబడుతుంది. ఒకటి, ఇది నా కోసం రాసింది కాదు, వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటున్నారు. రెండు, వస్తువు అమ్మడానికి చుట్టరికం కలుపుతున్నారు. రెండూ కంపెనీకి మంచివి కావు. అదే ముందుమాటలో "మన నేలలో నీరు ఏటికేడాది కిందికి పోతోంది" అన్న వాక్యం కూడా ఉంది. అక్కడ "మన" సరిగ్గా సరిపోయింది. నేల ఇద్దరిదీ, భూగర్భ జలం ఇద్దరిదీ. కాబట్టి "మన సంస్థ"ను "మా సంస్థ" చేసి, "మన నేల"ను అలాగే ఉంచాను. అన్ని "మన"లనూ మార్చి ఉంటే ముందుమాటలో ప్రాణమున్న వాక్యమే పోయేది.

"మేము" అన్నాం కదా అని ప్రతి వాక్యంలో అది కనబడక్కర్లేదు. "చేస్తాం"లోనే "మేము" ఉంది. "మేము మీకు అందిస్తాము, మేము మీకు సహాయపడతాము" అని వరసగా వస్తే ఆ పేజీ ఇంగ్లీషులో ఆలోచించి రాసిందని తెలిసిపోతుంది. ఒక పేరాలో ఎవరు మాట్లాడుతున్నారో తెలియడానికి ఒకసారి, తేడా చూపాల్సిన చోట మరోసారి చాలు. పైన సబ్సిడీ వాక్యంలో ప్రభుత్వం పక్కన "మేము" నిలిచింది ఆ తేడా కోసమే.

ఇక చదివేవారిని ఎలా పిలవాలి? రాతప్రతిలో రైతుకు ఆరు పేర్లున్నాయి: అన్నదాత, రైతు సోదరులు, వినియోగదారుడు, కస్టమర్, దరఖాస్తుదారుడు, మీరు. వీటిలో "మీరు" ఒక్కటే అన్ని పేజీల్లోనూ నిలబడగలదు. దానికి మర్యాద ఎలాగూ ఉంది. ఇంకో లాభం కూడా ఉంది. "దరఖాస్తుదారుడు", "రైతు సోదరులు" అన్నప్పుడు పొలం పట్టా తన పేరిట ఉన్న ఆడమనిషి ఆ పేజీలో లేనట్టే అవుతుంది. "మీరు" దగ్గర ఆ ఇబ్బంది రాదు. సబ్సిడీ పేజీ మొదటి వాక్యం "దరఖాస్తుతో పాటు మీ పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం జిరాక్సులు ఇవ్వాలి" అయింది. "జతపరచవలెను" పోయి "ఇవ్వాలి" వచ్చింది. తప్పనిసరి అన్న అర్థం ఏమీ తగ్గలేదు.

ఎండీగారు ఒక్క చోట "అన్నదాత" ఉంచమని అడిగారు. ఆ మాట ఆయన మనసులోంచి వచ్చింది, ముందుమాట కింద సంతకం ఆయనది. ఉంచాను. సంతకం ఉన్న పేజీ ఉత్తరం లాంటిది, దానికి కొంచెం సొంత గొంతు ఉండటం సహజం. ముగింపు క్రియలు, "మా/మన" మిగతా పేజీలతో కలిస్తే చాలు.

ఎంత గట్టిగా చెబుతున్నాం

అందరూ సులువుగా వదిలేసే విషయం ఇది. ఏజెన్సీ పేజీలో "నీళ్లు సగం, దిగుబడి డబుల్!" అని ఉంది. అంతకు రెండు పేజీల ముందే ఇంజనీరు "నేల స్వభావము, పంట, నీటి నాణ్యతలను బట్టి ఫలితములు మారవచ్చును" అని రాశారు. "ఫలితములు"ను "ఫలితాలు" చేస్తే, ఆశ్చర్యార్థకాలు తీసేస్తే భాష కలుస్తుంది. కానీ ఒకరు ఒట్టేసి చెబుతుంటే, ఇంకొకరు ఒక్క అడుగు వెనక్కి వేసి చెబుతున్నారు. ఈ తేడా భాషలో లేదు, నమ్మకం పాళ్లలో ఉంది. రైతు దీన్ని అందరికంటే ముందు పట్టేస్తాడు.

ఏజెన్సీవాళ్లను అడిగాను: డబుల్ అన్నది ఏ పంటకు, ఎవరి పొలంలో? వాళ్ల దగ్గర జవాబు లేదు. వేరే ప్రకటనల్లో చూసి రాశామన్నారు. అలాంటి వాక్యాన్ని ఎంత మెత్తబరిచినా పనికిరాదు, తీసేయాలి. "దిగుబడి డబుల్ అయ్యే అవకాశం ఉంది" అని మార్చడం కూడా తప్పే. ఆధారం లేని మాటకు "అవకాశం" అన్న తోక తగిలిస్తే ఆధారం పుట్టదు.

ఇంజనీరు వైపు కూడా ఒక సవరణ అవసరం. అన్నీ మారవచ్చు, ఆధారపడవచ్చు అంటూ పోతే, ఖాయంగా తెలిసిన విషయం కూడా అనుమానంగా వినబడుతుంది. ఆయన పేజీలో "ప్రతి డ్రిప్పర్ గంటకు సుమారుగా 4 లీటర్ల నీటిని విడుదల చేయగలదు" అని ఉంది. ఆ డ్రిప్పరు తయారైందే గంటకు 4 లీటర్ల కోసం, సరైన ప్రెషర్ ఉంటే అంతే ఇస్తుంది. కాబట్టి ఆ సంగతి నేరుగా చెప్పి, అది రైతు పొలంలో ఎంత అవుతుందో చూపించాం:

"సరైన ప్రెషర్ ఉంటే ఒక్కో డ్రిప్పరు గంటకు 4 లీటర్లు ఇస్తుంది. 40 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున 50 మీటర్ల లేటరల్ మీద 125 డ్రిప్పర్లు ఉంటాయి. అంటే ఆ ఒక్క వరసకు గంటకు 500 లీటర్లు. మీ బోరు ఎన్ని వరసలకు ఒకేసారి నీళ్లివ్వగలదో ఈ లెక్కతో చూసుకోవచ్చు."

ఏజెన్సీ పేజీ అయితే ఇలా అయింది: "నీరు కాలువలో పారదు, మొక్క మొదట్లోనే పడుతుంది. దారిలో ఇంకిపోయే నీరు మిగులుతుంది. ఎంత మిగులుతుందన్నది మీ నేలను, పంటను బట్టి ఉంటుంది." ఖాయంగా తెలిసింది ఖాయంగానే ఉంది. మారేది ఎందువల్ల మారుతుందో కూడా ఉంది. ఇప్పుడు రెండు పేజీలూ ఒకే మనిషి నోట వచ్చినట్టు వినిపిస్తాయి.

ఏజెన్సీవాళ్లు "పేజీ చప్పబడిపోయింది" అన్నారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. రంగుల పేజీలో కొంచెం ఊపు ఉండాలి. ఆ ఊపును శీర్షికలకు వదిలాం. "బొట్టు బొట్టూ వేరు దాకా" అని వాళ్లే ఒక శీర్షిక ఇచ్చారు. చాలా బాగుంది, అందులో అతిశయం లేదు. పాత రాతప్రతిలో ఉన్న దేనికన్నా అదే నాకు నచ్చింది.

కదపకూడని పేజీ

వారంటీ షరతుల దగ్గర నేను ఒక పొరపాటు చేశాను. మూలంలో "తయారీ లోపము ఉన్నట్లు నిర్ధారణ అయిన పక్షంలో పైపు మార్చబడును" అని ఉంది. మిగతా పేజీల ఊపులో దాన్ని "పైపు పాడైతే మార్చి ఇస్తాం" అని మార్చేశాను. ఇంజనీరు చదివి వెంటనే ఫోన్ చేశారు. డ్రిప్ పైపులు పాడవడానికి పొలంలో పెద్ద కారణాల్లో ఒకటి ఉడతలు, ఎలుకలు కొరకడం. అది తయారీ లోపం కాదు, వారంటీలోకి రాదు. నా వాక్యం అచ్చయి ఉంటే ఉడత కొరికిన ప్రతి పైపుకూ కంపెనీ మాట పడాల్సి వచ్చేది, లేదా రైతు మోసపోయానని అనుకునేవాడు.

అప్పటి నుంచి వారంటీ, చట్టపరమైన షరతులు ఉన్న పేజీని నేను రెండు ముక్కలుగా చూస్తాను. షరతుల అసలు పాఠం కంపెనీ ఇచ్చినట్టే, అక్షరం మారకుండా, వేరే గడిలో ఉంటుంది. దానికి పైన మామూలు మాటల్లో రెండు మూడు వాక్యాలు ఉంటాయి: "పైపులో తయారీ లోపం ఉంటే మార్చి ఇస్తాం. ఎలుకలు, ఉడతలు కొరికినవి, కలుపు తీసేటప్పుడు తెగినవి ఇందులోకి రావు. పూర్తి షరతులు కింద ఉన్నాయి." ఆ పై వాక్యాలను షరతులు రాసినవాళ్లకు చూపించి ఒప్పించాకే అచ్చుకు పంపాలి. గడి లోపలి భాష వేరుగా ఉండటం చదివేవారికి ఇబ్బంది కాదు. అది కంపెనీ మాట కాదు, ఒప్పందం అని గడి గీతే చెబుతుంది.

మాటలు, ఆఖరున

ఇన్ని చేశాక మాటల వంతు. ఈ దశలో ఇది సులువైన పనే, ఎందుకంటే అవతలివాడు ఎవరో ఇప్పుడు తెలుసు. ఒక వస్తువుకు ఒక్కటే పేరు ఉండాలి. రాతప్రతిలో "డ్రిప్", "డ్రిప్పు", "బిందు సేద్యం", "సూక్ష్మ సేద్యం" నాలుగూ ఉన్నాయి. "డ్రిప్" ఖాయం చేసి, సబ్సిడీ పేజీలో మాత్రం ప్రభుత్వ కాగితాల మీద కనబడే "సూక్ష్మ సేద్యం" మాటను ఒకసారి పరిచయం చేశాం, రైతు ఆఫీసుకు వెళ్లినప్పుడు ఆ మాట ఎదురవుతుంది కాబట్టి. "పార్శ్వ గొట్టం" అంటే దుకాణంలో ఎవరికీ తెలియదు, అది "లేటరల్" అయింది. "పీడనం" "ప్రెషర్" అయింది. విస్తీర్ణం దగ్గర ఒక చిన్న జాగ్రత్త పడాలి. తెలంగాణలో గుంటల్లో, ఆంధ్రలో సెంట్లలో లెక్క చెబుతారు. బ్రోచర్ రెండు రాష్ట్రాలకూ వెళ్తుంది కాబట్టి అన్నీ ఎకరం, అర ఎకరం అని రాశాం.

ఈ నిర్ణయాలన్నీ ఒక్క పేజీలో రాసి ఐదుగురికీ పంపాం. మాట్లాడేది కంపెనీ, "మేము". వినేది రైతు, "మీరు". ముగింపు "చేస్తాం", "చేస్తాము" కాదు. "బడు", "వలెను", "గలరు", "జరుగుతుంది" ఉండవు. తర్వాత వరసగా ఒక పది మాటల ఖాయమైన రూపాలు. ఇంతే. పది పేజీల నియమావళి ఇస్తే ఎవరూ చదవరు.

వెతకడం గురించి ఒక మాట. "బడి" అని వెతికితే వ్యవసాయ బ్రోచర్‌లో దిగుబడి, పెట్టుబడి పేజీ పేజీకీ తగులుతాయి. "బడును", "బడినవి", "బడినది", "బడవలెను" అని విడివిడిగా వెతకాలి. ఈ పని పేజీలు డీటీపీకి వెళ్లకముందే, యూనికోడ్ ఫైలులో ఉన్నప్పుడే పూర్తి చేయాలి. చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ యూనికోడ్ కాని అను ఫాంట్లే వాడుతున్నారు. ఒకసారి అందులోకి మార్చాక మామూలుగా టైపు చేసిన తెలుగు మాటతో వెతికితే ఏదీ దొరకదు. అప్పుడు కళ్లతో వెతుక్కోవడమే.

ఒకే మనిషి ఒకే కూర్చోవడంలో 16 పేజీలూ బయటికి చదివి వినిపించడం నేను చేసే చివరి పరీక్ష. చదివేవారు రాసిన ఐదుగురిలో ఒకరు కాకూడదు. ఎక్కడ గొంతు మారిందో, ఎక్కడ ఊపిరి తీసుకోవడానికి ఆగారో పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటాను. ఈ బ్రోచర్‌లో ఆ గుర్తులు ఎక్కువగా ఊహించని చోట పడ్డాయి. ప్రతి భాగం మొదట్లోనూ కంపెనీ పరిచయం ఉంది. ఎవరికి వాళ్లు తమ భాగమే మొదటిది అనుకుని "మా సంస్థ ఎన్నో ఏళ్లుగా" అని ఎత్తుకున్నారు. భాష కలిసిపోయాక ఐదు పరిచయాలూ ఒకేలా వినబడి మరీ కొట్టొచ్చినట్టు కనిపించాయి. నాలుగు తీసేశాం, ఒక పేజీ ఖాళీ అయింది. అక్కడ ఫిల్టరు విప్పి శుభ్రం చేసే తీరును బొమ్మలతో వేశారు.

అచ్చుకు వెళ్లే రోజు సాయంత్రం పీడీఎఫ్ వచ్చింది. వెనక అట్ట మీద, ఫోన్ నంబరు పైన, అప్పటిదాకా లేని ఒక వాక్యం ఉంది: "మరిన్ని వివరములకు సంప్రదించగలరు." అక్కడ ఖాళీగా ఉందని డీటీపీ చేసిన అబ్బాయి తనే పెట్టాడట. ఆరో మనిషి గొంతు. దాన్ని "ఏ సందేహం ఉన్నా ఫోన్ చేయండి" అని మార్పించి పంపించాం.